అక్కకి పనిచేసిన మాత్ర చెల్లెలికి ఎందుకు పనిచేయలేదు?

ఇది ఒకే ఇంట్లోని ఇద్దరు అక్కచెల్లెళ్ళ కేసు. ఇద్దరికీ నెలసరి రోజుల్లో కడుపునొప్పే. ఒకరికి స్కానింగ్ అక్కర్లేకుండా మాత్రతో సరిపోయింది. రెండో అమ్మాయికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తల్లి అనుమతితోనే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

పెద్దమ్మాయి

సత్తెనపల్లి వైపు పల్లెటూరు వాళ్ళది. పెద్దమ్మాయికి 17 ఏళ్ళు, విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. గుంటూరులో మా క్లినిక్‌కి మొదట వచ్చింది తల్లీ, ఈ అమ్మాయే. డేట్ వచ్చిన రోజు క్లాసులో కూర్చోలేదు, రెండు మూడుసార్లు వాంతులు, మోషన్స్ కూడా అవుతాయి. ఆ మధ్య స్లిప్ టెస్ట్ మధ్యలోనే లేచి వచ్చేస్తే వార్డెన్ ఫోన్ చేసి ఇంటికి తీసుకెళ్ళమందట.

తల్లి అడిగింది ఒక్కటే. "స్కానింగ్ రాయండి మేడమ్, లోపల ఏముందో చూసేస్తే మాకూ టెన్షన్ ఉండదు."

నేను వెంటనే రాయలేదు. ముందు కొన్ని ప్రశ్నలు వేశాను, ఆ జవాబుల్లోనే విషయం చాలావరకు తేలిపోయింది. అమ్మాయి 12 ఏళ్ళకి పెద్దమనిషైంది. మొదటి ఏడాది పైచిలుకు నొప్పి అన్నదే లేదు. తరువాత మొదలైంది, అప్పటినుంచి ప్రతి నెలా దాదాపు ఒకేలా ఉంది. ఎర్రగా కనిపించడానికి రెండు మూడు గంటల ముందు మొదలై, మొదటి రోజంతా బాగా ఉండి, రెండో రోజు సాయంత్రానికి తగ్గిపోతుంది. బొడ్డు కింద మధ్యలో మెలిపెట్టినట్టు వచ్చి పోతూ ఉంటుంది, నడుముకీ తొడలకీ పాకుతుంది. మిగతా నెలంతా ఏమీ ఉండదు. తల్లిని కాసేపు బయట కూర్చోమని అమ్మాయితో విడిగా కూడా మాట్లాడాను. ఈ వయసు పిల్లలందరితోనూ అలా మాట్లాడతాను. అక్కడా వేరే విషయమేమీ బయటపడలేదు.

ఇది ఏ జబ్బూ లేకుండా వచ్చే మామూలు నెలసరి నొప్పి. మామూలు అన్నానని ఓర్చుకోమని కాదు. ఆ నొప్పికి కారణం గర్భసంచి నిర్మాణంలో తేడా కాదు, అక్కడ తయారయ్యే ఒక రసాయనం అని మాత్రమే అర్థం. పెద్దమనిషైన మొదటి నెలల్లో చాలామంది పిల్లలకి అండం విడుదల కాకుండానే నెలసరి వచ్చేస్తుంది, అందుకే అప్పుడు నొప్పి ఉండదు. అండం విడుదలవడం మొదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే హార్మోను తయారవుతుంది. డేట్ దగ్గరపడేసరికి అది ఒక్కసారిగా పడిపోగానే గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుడతాయి. ఈ అమ్మాయికి ఏడాది దాటాకే నొప్పి మొదలైంది కదా, అది ఈ లెక్కకి సరిగ్గా సరిపోతుంది.

ప్రోస్టాగ్లాండిన్లు గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగపడతాయి. నొప్పి ఎక్కువగా ఉండే వాళ్ళలో ఆ బిగుతు వల్ల లోపలి ఒత్తిడి 120 మిల్లీమీటర్లు దాటిపోతుంది. అంటే బీపీ 120/80 అని చెబుతామే, అందులో పై అంకెని మించిపోతుందన్నమాట. ఆ కొద్దిసేపూ కండరానికి రక్తం సరిగ్గా అందదు, నొప్పి పుడుతుంది. పైగా ఇవే పదార్థాలు అక్కడి నరాలని సున్నితంగా చేసేస్తాయి, చిన్న బిగుతు కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. పేగుల కండరం మీద పనిచేస్తే మోషన్స్, వాంతులు. "డేట్‌కీ మోషన్స్‌కీ ఏం సంబంధం, బయటి తిండి తిని ఉంటుంది" అని తల్లి అంటోంది గానీ, రెండింటికీ కారణం ఒకటే.

"మాత్ర వేస్తే తగ్గడం లేదు"

వచ్చేవాళ్ళలో చాలామంది ఈ మాటే అంటారు. నేను వెంటనే నమ్మను. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు, ఏం తిని వేసుకున్నావు అని అడుగుతాను.

ఈ అమ్మాయి వేసుకుంటున్నది మందుల షాపులో అడగ్గానే ఇచ్చే కాంబినేషన్ మాత్ర. అందులో మెఫనామిక్ యాసిడ్ 250 మిల్లీగ్రాములు, పేగుల పట్టు వదిలించే డైసైక్లోమిన్ 10 మిల్లీగ్రాములు ఉంటాయి. నొప్పికి అసలు పనిచేసేది మొదటిది. ఈ అమ్మాయి బరువుకి, 46 కిలోలకి, ఒక పూటకి 500 కావాలి. ఆమెకి అందుతున్నది సగం. అదీ రోజుకి ఒక్కటే. "మాత్రలు ఎక్కువ వేస్తే వేడి చేస్తుంది, రేపు పిల్లలు పుట్టరు" అని ఇంట్లో చెప్పి పంపారు కాబట్టి ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని, ఇక లాభం లేదనుకున్నాక పరగడుపున వేసుకుంటోంది. అరగంటకి అది వాంతిలో పోతోంది. ఇలా వాడాక మందు పనిచేయలేదని తీర్పు చెప్పడానికి లేదు.

టైమింగ్ ఎందుకంత ముఖ్యమో తల్లికి ఇలా చెప్పాను. మెఫనామిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్లని తయారుచేసే ఎంజైమ్‌ని ఆపుతాయి. కుళాయి కట్టేస్తే కొత్త నీళ్ళు రావు గానీ బకెట్లో అప్పటికే నిండినవి ఎక్కడికీ పోవు కదా, ఇదీ అంతే. నొప్పి పతాకస్థాయికి చేరాక వేస్తే అప్పటికే పుట్టిన రసాయనం కరిగేదాకా ఎదురు చూడాల్సిందే. డోలో లాంటి పారాసెటమాల్ మాత్రలు ఈ ఎంజైమ్ మీద గర్భసంచిలో అంతగా పనిచేయవు. అందుకే జ్వరానికి బ్రహ్మాండంగా పనిచేసే మాత్ర ఈ నొప్పికి కొంతవరకే ఉపయోగపడుతుంది.

రాసిచ్చింది ఇది. విడి మెఫనామిక్ యాసిడ్ 500, తిన్న తరువాత, రోజుకి మూడుసార్లు. నొప్పి మొదలవుతున్నట్టు తెలిసిన వెంటనే లేదా మొదటి మరక కనిపించగానే మొదటి మాత్ర. ఆ తరువాత నొప్పి ఉన్నా లేకపోయినా ఎనిమిది గంటలకొకటి చొప్పున రెండు రోజులు, మహా అయితే మూడు. అంతకు మించి వద్దు. డేట్ క్రమంగా వచ్చే పిల్ల కాబట్టి, తేదీ తప్పి ఉంటే మాత్రం వేసుకునే ముందు నాకు ఫోన్ చేయమన్నాను.

వేయకూడని వాళ్ళెవరో కూడా చెప్పాలి. ఈ రకం మాత్రలకి ఆయాసం ఎక్కువయ్యేవాళ్ళు, అల్సర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు వీటి జోలికి పోకూడదు. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే. ఇక మెఫనామిక్ యాసిడ్ విషయంలో 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరికి మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, బిళ్ళ కట్టడం వంటివి రావచ్చు, లోపలి అవయవాలు కూడా దెబ్బతినొచ్చు. అప్పట్లో వాట్సాప్‌లో అది "మాత్ర నిషేధించారు" అని తిరిగింది. నిషేధించలేదు. ఒంటిమీద దద్దురు కనిపిస్తే ఆపేసి డాక్టరుకి చూపించాలి, అంతే.

పిల్లలు పుట్టరన్న భయానికి జవాబు సూటిగానే చెప్పాను. నెలకి రెండు మూడు రోజులు, అదీ డేట్ రోజుల్లో వాడితే సంతానానికి ఏ అడ్డూ ఉండదు.

వేడి పెట్టడం గురించి

హాట్ వాటర్ బ్యాగ్ అనగానే తల్లి నా వైపు వింతగా చూసింది. మే నెల అది. "ఈ ఎండల్లో ఒంట్లో అసలే వేడి చేసి ఉంటే, మళ్ళీ వేడి పెట్టమంటారేంటి మేడమ్?" గుంటూరు ఎండలు తెలిసిన ఎవరికైనా వచ్చే అనుమానమే. వేడి పెట్టేది ఒంటికి కాదు, పొత్తికడుపు మీద అరచేయి రెండింతలంత చోటికి. ఫ్యాన్ కిందో ఏసీలోనో కూర్చుని పెట్టుకున్నా పనిచేస్తుంది.

అది పనిచేసే తీరు నాకు ముచ్చటగా ఉంటుంది. చర్మం మీద పెట్టిన వేడి గర్భసంచిదాకా పెద్దగా దిగదు. అయినా నొప్పి తగ్గుతుంది. గర్భసంచి నుంచి నొప్పి కబురు మోసుకెళ్ళే నరాలూ, బొడ్డు కింది చర్మం నుంచి వెళ్ళే నరాలూ వెన్నుపాములో ఒకే ప్రాంతానికి చేరతాయి. గర్భసంచి నొప్పి నడుములో, పొట్టమీద తెలిసేది అందుకే. ఆ చోట వెచ్చదనం కబురు బలంగా అందుతుంటే నొప్పి కబురు పైకి వెళ్ళడం తగ్గుతుంది. దానితోపాటు పొట్ట కండరాల పట్టు వదులుతుంది. 2001లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, దాదాపు 39 డిగ్రీల వెచ్చదనాన్ని రోజుకి 12 గంటలు పొత్తికడుపు మీద ఉంచితే, ఐబుప్రొఫెన్ 400 రోజుకి మూడుసార్లు వేసుకున్నంత ఉపశమనం వచ్చింది.

ఇక్కడ చూడాల్సింది 39 అన్న అంకె. కాలేంత వేడి అక్కర్లేదు, గోరువెచ్చదనం కన్నా కాస్త ఎక్కువగా, చాలాసేపు నిలిచే వేడి చాలు. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. మరుగుతున్న నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టకుండా, పది నిమిషాలు ఓర్చుకుని తీసేస్తారు. కొందరు పిల్లల పొట్టమీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. అది చర్మవ్యాధి కాదు, నెలల తరబడి ఎక్కువ వేడి పెట్టిన గుర్తు. నీళ్ళు కాగాక కాసేపు ఆగి, బ్యాగ్‌లో మూడింట రెండొంతులు పోసి, గాలి వత్తేసి మూత బిగించి, తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి. నిద్రపోయేటప్పుడు తీసేయాలి.

హాస్టల్లో కెటిల్ కూడా పెట్టుకోనివ్వరని అమ్మాయి చెప్పింది. మెస్‌లో వేడినీళ్ళు దొరుకుతాయి కదా, స్టీలు బాటిల్లో పట్టుకుని చున్నీ చుట్టి పెట్టుకోమన్నాను. డబుల్ లేయర్ ఫ్లాస్క్ బాటిల్ అయితే లాభం లేదు, బయటికి వేడి రానే రాదు. క్లాసుకి వెళ్ళే రోజు లోపలి బట్టల మీద అంటించుకునే హీట్ ప్యాచ్‌లు దొరుకుతాయి.

తరువాతి డేట్‌కి ఫోన్ వచ్చింది. వాంతులు కాలేదు, మధ్యాహ్నం పూట క్లాసుకి వెళ్ళింది. ఆ తరువాతి నెల పొద్దున క్లాసులు కూడా మానలేదు. స్కానింగ్ రాయనందుకు తల్లికి కాస్త అసంతృప్తి మిగిలే ఉంది, అది మాటల్లో తెలిసింది.

నిజానికి నేను రాయకపోవడానికి కారణం ఖర్చు ఒక్కటే కాదు. ఈ వయసు పిల్లల అండాశయాల్లో సన్నటి నీటిబుడగలు చాలా ఉండటం సహజం. పెద్దమనిషైన ఎనిమిదేళ్ళలోపు స్కాన్ చూసి పీసీఓడీ అని చెప్పకూడదన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. కానీ కడుపునొప్పికని స్కాన్ తీయిస్తే, రిపోర్టులో పీసీఓడీ అని ఒక లైను వస్తుంది, ఇక ఆ పిల్లకి ఆ ముద్ర పెళ్ళిచూపులదాకా అంటుకుని ఉంటుంది. అసలు నొప్పికి దానితో సంబంధమే లేదు.

చిన్నమ్మాయి

ఆ తరువాత కొన్ని నెలలకి అదే తల్లి చిన్నమ్మాయిని తీసుకుని వచ్చింది. 13 ఏళ్ళు దాటాయి, ఎనిమిదో తరగతి. తల్లికి పెద్దదాని గురించే బెంగ తప్ప దీని గురించి ఏమంత లేదు. "అక్కకయితే వాంతులు, విరేచనాలు. దీనికవేం లేవు మేడమ్. డేట్ కూడా టంచనుగా వస్తుంది. అక్కని చూసి నేర్చుకుంది, స్కూలు ఎగ్గొట్టడానికి. మీరు రాసిచ్చిన మాత్రే వేస్తున్నా, అయినా మూలుగుతూనే ఉంటుంది."

అమ్మాయి కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, బరువంతా ఎడమవైపు వేసి.

తల్లి మాట కొట్టిపారేసేది కాదు. ఆమె మాత్రని టైముకి, తిన్నాక, పూర్తి డోసులోనే వేసింది. అంటే ఇక్కడ "మందు పనిచేయడం లేదు" అన్న మాటకి బరువుంది. అక్క విషయంలో ఆ మాట డోసు తక్కువైందని చెప్పింది. ఇక్కడ నొప్పికి కారణం వేరే ఉందని చెబుతోంది. సరైన డోసు, సరైన సమయం, మూడు నెలలు. ఇవి పూర్తయ్యాక కూడా తగ్గకపోతే వెతకడం మొదలుపెట్టాలన్నది లెక్క. ఈ అమ్మాయి విషయంలో మూడో నెలదాకా ఆగాల్సిన పనే లేకపోయింది, ఎందుకంటే మిగతా జవాబులు కూడా తేడాగానే వచ్చాయి.

నొప్పి మొదలైంది పెద్దమనిషైన మూడో నెల నుంచే. అండం విడుదల గాడిలో పడకముందే అంత నొప్పి రావడం అనుమానించాల్సిన విషయం. మొదట్లో రెండు రోజులుండేది, తరువాత నాలుగు, ఇప్పుడు ఎనిమిది. మరక ఆగిపోయాక కూడా నొప్పి ఆగడం లేదు. పైగా మెలిపెట్టి వదిలే నొప్పి కాదు, ఎప్పుడూ బరువుగా, నిండుగా ఉంటుంది. ఎక్కడ అని అడిగితే అక్క బొడ్డు కింద మధ్యలో చేయి పెట్టింది, చెల్లెలు కుడివైపు కింద ఒక్క వేలు పెట్టి చూపించింది. ఈ మధ్య మూత్రానికి కూర్చుంటే వెంటనే రావడం లేదు, మలబద్ధకం కూడా ఉంది. అది తల్లికి కూడా తెలియదు, అమ్మాయితో విడిగా మాట్లాడినప్పుడు సిగ్గుపడుతూ చెప్పింది.

పొట్టమీద చేయి పెట్టి చూస్తే కుడివైపు కింద లోతుగా ఏదో నిండుగా తగిలింది. లోపలి పరీక్ష చేయలేదు, ఈ వయసులో దానికి తొందరపడను.

అప్పుడు అడిగిన ప్రశ్న ఒకటి కేసుని తిప్పేసింది. చిన్నప్పుడు ఎప్పుడైనా స్కానింగ్ తీయించారా అని అడిగాను. తల్లి సంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. అందులో టీకాల కార్డు, ఆధార్ జిరాక్సులు, బిళ్ళలు అయిపోయిన స్ట్రిప్పులు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన పాత కాగితం. అమ్మాయికి ఆరేళ్ళప్పుడు జ్వరం, కడుపునొప్పి వస్తే తీయించిన పొట్ట స్కాన్. కుడి కిడ్నీ కనిపించలేదు, ఎడమ కిడ్నీ మామూలుగా ఉంది అని రాసి ఉంది. "అప్పుడు చెప్పారు మేడమ్, ఒక్క కిడ్నీతో బతికేయొచ్చు, ఏం పర్లేదు అని. అందుకే మళ్ళీ ఎవరికీ చెప్పలేదు."

ఏం పర్లేదు అన్నది నిజమే. ఒక కిడ్నీతో నిండు నూరేళ్ళు బతకొచ్చు. కానీ ఆ కాగితం మీద ఆడపిల్ల విషయంలో ఇంకో వాక్యం ఉండాల్సింది: పెద్దమనిషయ్యాక నొప్పి వస్తే గర్భసంచి చూడాలి అని. తల్లి కడుపులో శిశువు తయారయ్యేటప్పుడు కిడ్నీ, అదే వైపు గర్భసంచి సగం పక్కపక్కనే ఉన్న నాళాల నుంచి ఏర్పడతాయి. ఒకవైపు నాళం సరిగ్గా ఎదగకపోతే ఆ వైపు కిడ్నీ రాదు, దాని పక్కనున్న గర్భసంచి సగం మధ్యలో వచ్చి కలవదు. అలాంటివాళ్ళలో ఒక్కోసారి రెండు చిన్న గర్భసంచులు, రెండు యోనిమార్గాలు ఏర్పడి, వాటిలో ఒకటి కింద పొరతో మూసుకుపోయి ఉంటుంది.

డేట్ టంచనుగా వస్తోందన్నదే అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోయిన పిల్లకి నెలసరి అసలు కనిపించదు, 15 ఏళ్ళు వచ్చినా పెద్దమనిషి కాలేదని ఇంట్లోవాళ్ళే తీసుకొస్తారు. ఈ పిల్లకి ఎడమవైపు దారి తెరిచే ఉంది, ప్రతి నెలా అక్కడినుంచి మామూలుగానే వస్తోంది. కుడివైపు నెలనెలా వచ్చేది మాత్రం బయటికి రాలేక లోపలే పేరుకుంటోంది. నొప్పి నెలనెలా పెరగడానికీ, డేట్ అయిపోయాక కూడా ఉండటానికీ, మూత్రం ఆగడానికీ కారణం ఆ నిండుదనమే. నొప్పి మాత్ర ప్రోస్టాగ్లాండిన్‌ని ఆపగలదు, సాగిపోయిన సంచిని కాదు. అందుకే మాత్ర వేసిన రోజు కాస్త తెరిపి వచ్చి మళ్ళీ మొదటికే వచ్చేది.

స్కాన్‌లో కనిపించింది

పెళ్ళికాని పిల్లకి స్కానింగ్ అంటే తల్లులకి ఒక భయం ఉంటుంది. పొట్టమీదినుంచే తీస్తారు, లోపలికి ఏమీ పెట్టరు, మూత్రం నిండుగా ఉంటే చాలు అని ముందే చెప్పాను. రాసిన కాగితంలో ఏం వెతకాలో కూడా స్పష్టంగా పెట్టాను: కుడివైపు నొప్పి, కుడి కిడ్నీ లేదని పాత రిపోర్టు, గర్భసంచి ఆకారం, దాని కింద రక్తం నిలిచిందేమో చూడండి. ఉత్త "కడుపునొప్పి" అని రాసి పంపితే మూత్రాశయం వెనక కనిపించే ఆ చిక్కటి నిల్వని అండాశయంలో పాత రక్తంతో నిండే చాక్లెట్ సిస్ట్ అనుకునే ప్రమాదం ఉంది. అలా పొరపడి సిస్ట్ తీయడానికి పొట్ట కోసిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

రెండు గర్భసంచులు కనిపించాయి. మూత్రాశయం వెనక, కుడివైపు గర్భసంచికి కింద దాదాపు 9 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పున పాత రక్తం నిలిచి ఉంది. కుడి కిడ్నీ లేదు, ఎడమది రెండింటి పనీ చేస్తూ కాస్త పెద్దదైంది. మూసుకున్న పొర ఎంత మందం ఉందో, ఎక్కడ కోయాలో తెలియడానికి ఎంఆర్‌ఐ తీయించాం. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.7, మామూలుగానే ఉంది, ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకంటే నొప్పి ఎనిమిది రోజులుంటే తల్లి ఎనిమిది రోజులూ మెఫనామిక్ యాసిడ్ వేస్తూ వచ్చింది. ఈ మందులు కిడ్నీకి రక్తం చేరవేసే నాళాలని కూడా కొంత బిగిస్తాయి. నీళ్ళు సరిగ్గా తాగని రోజున, ఉన్నదే ఒక్క కిడ్నీ అయినప్పుడు, అది దెబ్బతినే అవకాశం ఉంది. ఒకరికి రాసిన చీటీ ఇంకొకరికి వాడొద్దని నేనెప్పుడూ చెబుతాను, ఈసారి తల్లికి కారణం కూడా చూపించగలిగాను.

ఆపరేషన్ పెద్ద ఆసుపత్రిలో, మత్తిచ్చి, యోనిమార్గం గుండానే జరిగింది. పొట్టమీద కోత లేదు. అడ్డుగా ఉన్న పొరని తీసేశారు, చిక్కటి, ముదురు గోధుమరంగు పాత రక్తం వచ్చింది. సూదితో లాగేస్తే సరిపోదా అని తండ్రి ఫోన్‌లో అడిగాడు. సరిపోదు. సూది రంధ్రం మూసుకుపోయి మళ్ళీ నిండుతుంది, పైగా ఆ దారిన క్రిములు చేరితే పాత రక్తం చీముగా మారుతుంది. పొరని పూర్తిగా తీసి అంచులు కుట్టేయాల్సిందే. కన్నెపొర గురించి నాయనమ్మ బెంగపెట్టుకుంది. సన్నటి గొట్టం లాంటి పరికరంతో దాన్ని కాపాడుతూ చేసే పద్ధతి ఉంది, ఈ అమ్మాయికి అలాగే చేశారు.

ఆలస్యం చేస్తే ఏమయ్యేదని తల్లి అడిగింది. నిలిచిన రక్తం వెనక్కి తన్ని ట్యూబుల గుండా పొట్టలో పడుతుంది, గర్భసంచి లోపలి పొరలాంటిది అక్కడ పెరిగే ఎండోమెట్రియోసిస్ పట్టుకోవచ్చు. దారి తెరిచాక చాలామందిలో ఆ వెనక్కి తన్నడం ఆగిపోతుంది. రెండు గర్భసంచులున్నా వీళ్ళకి పిల్లలు పుట్టే అవకాశం మంచిగానే ఉంటుంది. గర్భం వచ్చాక నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం కాస్త ఎక్కువ కాబట్టి జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎప్పుడు స్కాన్ రాస్తాను

ఇలాంటి కేసు అరుదు. నెలసరి నొప్పితో వచ్చే పిల్లల్లో అత్యధికులు అక్కలాంటివాళ్ళే. ఈ కేసు చదివి అందరూ స్కాన్ సెంటర్‌కి పరిగెత్తాలని నా ఉద్దేశం కాదు. పెద్దమనిషైన మొదటి నెలల నుంచే గట్టి నొప్పి, నెలనెలా పెరుగుతున్న నొప్పి, ఒకే వైపు నొప్పి, డేట్ ముందు రోజుల తరబడి మొదలయ్యే లేదా అయిపోయాక కూడా మిగిలే నొప్పి, మూత్రానికీ విరేచనానికీ ఇబ్బంది, కిడ్నీ లోపం ఉందని ముందే తెలియడం, వీటిలో ఏదున్నా నేను ఆగను. డేట్ రాకుండా నెలనెలా కడుపునొప్పి వచ్చే పిల్లకీ అంతే. ఉన్నట్టుండి ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులతో వస్తే అది అండాశయం మెలితిరిగిందేమో అన్న అనుమానం, అదే రోజు స్కాన్ జరగాలి. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, డేట్ తప్పిన తరువాత నొప్పి వచ్చినా అంతే తొందర.

ఇంకో గుంపు ఉంది, వాళ్ళ గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మందు సరిగ్గా మూడు నెలలు వాడినా తగ్గదు, స్కాన్ తీస్తే నార్మల్ అని వస్తుంది. "రిపోర్టు బాగుంది, అంతా మనసులోదే" అని ఇంటికి పంపేస్తారు. ఎండోమెట్రియోసిస్ మొదటి దశలో పొరల మీద చిన్న చిన్న మచ్చల్లా ఉంటుంది, మామూలు స్కాన్‌లో అది కనిపించదు. ఆ పిల్లలకి అండం విడుదలని ఆపే హార్మోను మాత్రలు మూడు నుంచి ఆరు నెలలు ఇచ్చి చూస్తాం. లోపలి పొర పలచబడుతుంది, ప్రోస్టాగ్లాండిన్ తగ్గుతుంది, చాలామందికి ఉపశమనం వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే చిన్న రంధ్రం గుండా కెమెరాతో లోపల చూసే లాప్రోస్కోపీ గురించి మాట్లాడతాం. గర్భనిరోధక మాత్రలని పేరు వినగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది, అందుకని మొదటిరోజే తల్లిని కూర్చోబెట్టి ఎందుకిస్తున్నామో చెబుతాను.

చిన్నమ్మాయికి ఆపరేషన్ తరువాత వచ్చిన మొదటి డేట్‌లో ఒక రోజు నొప్పి ఉంది, బొడ్డు కింద మధ్యలో. పారాసెటమాల్, తువ్వాలు చుట్టిన బ్యాగ్ సరిపోయాయి. మూడు నెలల తరువాత తీసిన స్కాన్‌లో నిల్వ లేదు. ఒకే కిడ్నీ కాబట్టి ఐబుప్రొఫెన్, మెఫనామిక్ యాసిడ్ వంటివి మమ్మల్ని అడగకుండా వేయొద్దని ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాశాను. ఏడాదికొకసారి బీపీ చూసి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయించాలి. పాత స్కాన్ కాగితాన్ని లామినేషన్ చేయించి ఈ ఫైల్లోనే పెట్టమని తల్లికి చెప్పాను.